మెయిల్ చివర ఏది మేలు: గ్రూసెన్, రిగార్డ్స్, నమస్కారాలు

బెంగళూరులో జర్మన్ టీమ్‌లతో పనిచేసే మన తెలుగువాళ్ళు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది: మెయిల్ చివర ఏం రాస్తే బాగుంటుంది? జర్మన్‌లో మూడు మెట్లు తెలిస్తే చాలు. ముక్కూమొహం తెలియనివాళ్ళకైతే ‘మిట్ ఫ్రాయిండ్లిషెన్ గ్రూసెన్’, అంటే స్నేహపూర్వక నమస్కారాలతో అని. కాస్త పరిచయం అయ్యాక ‘ఫీలె గ్రూసె’. బాగా దగ్గరయ్యాక ‘లీబె గ్రూసె’, ఇందులో ‘లీబె’ అంటే ప్రియమైన. వీటికి పైన ‘హోఖ్‌ఆఖ్‌టుంగ్స్‌ఫోల్’ అని పాతకాలపు ముగింపు ఒకటుంది. మర్యాద పెరుగుతుంది కదా అని దాన్ని వాడకండి. ఈ రోజుల్లో అది చదివినవాళ్ళకి ఏదో నోటీసు వచ్చినట్టు గుండె గుభేలుమంటుంది.

ఏ మెట్టు మీద నిలబడాలో మెయిల్ మొదటి వరుసే చెబుతుంది. మా టీమ్‌లో అనంతపురం అమ్మాయి ఒకరు ష్టుట్‌గార్ట్‌లోని ఒకావిడకి తొలిసారి జర్మన్‌లో రాసింది. పైన ‘గౌరవనీయులైన’ అనే అర్థంలో ‘సేర్ గేఎర్టె ఫ్రావ్’ అని ఇంటిపేరుతో మొదలుపెట్టి, కింద ‘మిట్ ఫ్రాయిండ్లిషెన్ గ్రూసెన్’ పెట్టింది. అతికినట్టు సరిపోయింది. జవాబు మాత్రం ‘హలో’ అని ఈ అమ్మాయి పేరుతో మొదలై, ‘ఫీలె గ్రూసె’తో ముగిసింది. కింద ఆవిడ తన మొదటి పేరు ఒక్కటే రాసింది.

“అక్కా, నేనూ అలాగే రాసేయొచ్చా, పెద్దావిడ కదా?” అని ఈ పిల్లకి టెన్షన్. రాయొచ్చు. ఆవిడే ఒక మెట్టు దిగి పిలిచింది. పైమెట్టు మీదే ఉండిపోతే తప్పు కాదు గానీ, చెయ్యి చాపితే అందుకోనట్టు ఉంటుంది. అలాగని ఆవిడ ‘ఫీలె’ అంటే మనం ఒక్కసారిగా ‘లీబె’ అనకూడదు. ఆవిడే ‘లీబె’ అని పేరు పెట్టి మొదలుపెట్టే దాకా ఆగడం మంచిది. ఇంకోటి, కొన్ని నెలలు ‘ఫీలె గ్రూసె’ రాసిన మనిషి ఓ రోజు ఉన్నట్టుండి ‘మిట్ ఫ్రాయిండ్లిషెన్ గ్రూసెన్’కి వెళ్ళిపోతే అంతకుముందు మీరు పంపిన మెయిల్ మళ్ళీ చదువుకోండి, ఏదో నొచ్చుకుని ఉండొచ్చు. దాన్నే ‘ఎమ్ఎఫ్‌గే’ అని మూడక్షరాలకి కుదిస్తే చాలామందికి విసురుగా అనిపిస్తుంది.

ఇంగ్లీషులోనూ పైవరుసకీ కిందివరుసకీ పొత్తు కుదరాలి. బ్రిటిష్ పద్ధతిలో ‘డియర్ సర్’ అంటే ‘యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ’, పేరు పెట్టి పిలిస్తే ‘యువర్స్ సిన్సియర్లీ’. రోజువారీ ఆఫీసు మెయిళ్ళకి ఈ రెండూ బిగుసుకుపోయినట్టే ఉంటాయి. అక్కడ నా ఓటు ‘బెస్ట్ రిగార్డ్స్’కే. ఒట్టి ‘రిగార్డ్స్’ కొందరికి ముభావంగా తగులుతుంది, ముఖ్యంగా అంతకుముందు మెయిళ్ళలో దాని ముందు ‘బెస్ట్’ లాంటి మాట ఉండి, ఈసారి అది పోయినప్పుడు.

తెలుగుకి వచ్చేసరికి లెక్క మారుతుంది. జర్మన్, ఇంగ్లీషు ముగింపుల్ని ఎవరు ఎవరికి రాసినా అవే మాటలు చెల్లుతాయి. ఇరవై ఏళ్ళ పిల్లా, అరవై ఏళ్ళ మేనేజరూ ఒకరికొకరు ‘ఫీలె గ్రూసె’ రాసుకోవచ్చు. మన దగ్గర వయసు అడ్డొస్తుంది. ‘ఆశీస్సులతో’ అని పెద్దవాళ్ళే రాయాలి, చిన్నవాళ్ళు రాస్తే చదివేవాళ్ళు ఉలిక్కిపడతారు. చనువు ఎంత పెరిగినా ఇది మారదు.

అదే అమ్మాయి అపార్ట్‌మెంట్ ఉగాది సభకి ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారిని పిలవాలనుకుంది. చివర ‘ఇట్లు, తమ విధేయురాలు’ అని రాసి నాకు చూపించింది. సెలవు చీటీలా ఉంది, పిలుపులా లేదు. ‘ప్రేమతో’ అంటే ఆయనకి ఇబ్బంది, ఆ మాట ఇంట్లోవాళ్ళకీ స్నేహితులకీ సరి. ‘భవదీయ’ ఆఫీసు ఉత్తరాలకి బాగుంటుంది, ఇంటికి పిలిచేటప్పుడు కాదు. ‘అభినందనలతో’ అని ఈ మధ్య చాలామంది రాస్తున్నారు. ఆయన ఏదైనా సాధిస్తే తప్ప అది ఇక్కడ పొసగదు. ‘నమస్కారాలతో’ అని, కింద తన పేరూ ఫ్లాట్ నంబరూ పెట్టమన్నాను. తెలుగులో పెద్దవాళ్ళకి రాసేటప్పుడు అంతకన్నా నమ్మకమైనది నాకు కనబడలేదు. పరిచయం లేకపోయినా బిర్రుగా ఉండదు, ఉన్నా చులకన అనిపించదు.

అదే సభకి షామియానా వేసుకోవడానికి వార్డు ఆఫీసుకి కన్నడంలో అర్జీ పెట్టాల్సి వచ్చినప్పుడు మాత్రం కింద మన ‘ఇట్లు, తమ విధేయులు’ లాంటి ‘ఇంతి తమ్మ విశ్వాసి’ అనే రాయించాం. మాస్టారికి బరువైన ఆ ధోరణి అర్జీకి సరిగ్గా అతుకుతుంది. పక్క ఫ్లాట్ కన్నడ సెక్రటరీగారికి పంపిన కబురు చివర మాత్రం ‘నమస్కారాలతో’ లాంటి ‘వందనెగళొందిగె’ చాలింది.