ఫాంటమ్ 4 ప్రో, వెబ్‌ఓడీఎం: బిల్డింగ్ సైట్లలో కొన్నేళ్లు వాడాక నా సమీక్ష

హైదరాబాద్ చుట్టుపక్కల అపార్ట్‌మెంట్ సైట్లకు నెలనెలా ఆర్థోమొజాయిక్, అంటే పైనుంచి తీసిన ఫొటోలను కలిపి కొలతలకు సరిపోయేలా చేసిన మ్యాప్, తయారు చేయడానికి ఈ డ్రోన్, ఫొటోలను అతికే ఈ సాఫ్ట్‌వేర్ జోడీనే వాడుతున్నాను. డ్రోన్ పాతదే. అయినా మెకానికల్ షట్టర్ ఉండటం వల్ల ఎగురుతూ తీసిన ఫొటోలు కూడా వంకర పోవు. నాకు అది చాలు.

అసలు జాగ్రత్త పడాల్సింది ఓవర్‌ల్యాప్ దగ్గర, అంటే పక్కపక్క ఫొటోలు ఒకదానిపై ఒకటి ఎంత కప్పుకుంటాయన్న దగ్గర. ప్లానింగ్ యాప్‌లో కనిపించే శాతం నేల మట్టానికి లెక్కేసింది. 60 మీటర్ల ఎత్తులో ఈ కెమెరా ఒక్కో ఫొటోలో 90 మీటర్ల వెడల్పు, 60 మీటర్ల పొడవు నేలను చూస్తుంది. ముందుకు 80, పక్కకు 70 శాతం పెడితే 12 మీటర్లకో ఫొటో పడుతుంది, లైన్ల మధ్య 27 మీటర్లు ఉంటుంది. అదే సైట్‌లో 30 మీటర్ల టవర్ లేచిందనుకోండి. దాని స్లాబ్‌కు కెమెరా సగం దూరంలోనే ఉంటుంది కాబట్టి ఫొటోలో పట్టేది 45 × 30 మీటర్లే. అక్కడ ఓవర్‌ల్యాప్ 60, 40 శాతానికి పడిపోతుంది. స్లాబ్ అంచులు చిరిగినట్టు, కాలమ్ కడ్డీలు రెండుగా కనిపిస్తే కారణం చాలావరకు ఇదే.

అందుకే నేను పై స్లాబ్ నుంచి లెక్క మొదలుపెడతాను. అదే 12, 27 మీటర్ల దూరాలు ఉంచి 90 మీటర్లకు ఎగరేస్తే పైన 80, 70 శాతం నిలుస్తుంది. యాప్‌లో మాత్రం 87, 80 అని పెట్టాలి. ఫొటోల సంఖ్య దాదాపు అంతే. నేల మీద పిక్సెల్ 1.6 సెంటీమీటర్ల నుంచి 2.5కు పెరుగుతుంది, నెలవారీ ప్రోగ్రెస్‌కు అది సరిపోతుంది.

గ్రౌండ్ కంట్రోల్ పాయింట్లను, అంటే స్థానం ముందే కొలిచి నేల మీద పెట్టే గుర్తులను, కూడా ఎత్తులను బట్టే పంచాలి. నాలుగు మూలలా, మధ్యలో పెట్టాక సెల్లార్ గుంతలో ఒకటి, పూర్తయిన స్లాబ్ మీద ఒకటి తప్పకుండా ఉంచుతాను. అన్నీ రోడ్డు మట్టంలోనే ఉంటే గుంత లోతు మీద నమ్మకం పెట్టుకోలేం. సున్నం గుర్తులు టిప్పర్లు తిరిగితే చెరిగిపోతాయి. నలుపు తెలుపు గళ్ల ఫ్లెక్సీ ముక్కలను మేకులతో బిగించడం మేలు. డీజీపీఎస్ ఇచ్చే ఎత్తుకూ, సైట్ బెంచ్‌మార్క్‌కూ పదుల మీటర్ల తేడా ఉంటుంది. కాబట్టి ఆటో లెవెల్‌తో బెంచ్‌మార్క్ నుంచి పాయింట్లకు ఎత్తు దించుకోవాలి.

ఈ పాయింట్లను వెబ్‌ఓడీఎంకు ఇచ్చే `gcp_list.txt`లో ఈస్టింగ్ ముందు, నార్తింగ్ తర్వాత, ఆపై ఎత్తు, ఫొటోలో పిక్సెల్ స్థానం, ఫొటో పేరు, పాయింట్ పేరు:

```
EPSG:32644
231500.42 1925310.18 542.36 2710 1830 DJI_0114.JPG G3
```

ఒక్కో పాయింట్‌ను కనీసం ఐదు ఫొటోల్లో గుర్తిస్తాను. రిపోర్టులో కనిపించే ఎర్రర్ మనం ఇచ్చిన పాయింట్లదే కాబట్టి రెండు మూడు పాయింట్లను ఫైల్‌లో చేర్చకుండా దాచి, తయారైన మ్యాప్‌లో వాటితో సరిచూస్తాను. అవి రెండు మూడు పిక్సెల్స్‌లోపు కలిస్తేనే మ్యాప్ ఇంజనీర్‌కు పంపుతాను.

వెబ్‌ఓడీఎంకు ర్యామ్ బాగా కావాలి. గోడల అంచులు కాస్త అలలుగా వస్తాయి. తవ్వకం, మెటీరియల్ కుప్పలు, రోడ్ల పనికి ఇది నాకు పూర్తిగా నచ్చింది. స్లాబ్ అంచు కొలతలకు మాత్రం టోటల్ స్టేషనే తీస్తాను.