గ్రూప్‌-2 సిలబస్‌ నుంచి రివిజన్‌ టైంటేబుల్‌: మూడేళ్లు వాడాక సమీక్ష

ఈ పద్ధతిని తెలంగాణ గ్రూప్‌-2 సిలబస్‌ మీద మూడేళ్లుగా వాడుతున్నాను. పరీక్ష నాలుగు పేపర్లు, ఒక్కోటి 150 మార్కులు. 2, 3, 4 పేపర్లలో ప్రతి పేపరూ మూడు భాగాలు, భాగానికి 50. సిలబస్‌ కాగితంలో ఏ భాగం ఎన్ని వరుసలు ఆక్రమించిందో చూసి టైమ్‌ పంచుకుంటే మొదట్లోనే లెక్క తప్పుతుంది. పొడవుగా రాసినంత మాత్రాన మార్కులు పెరగవు, ఆ 50 అలాగే ఉంటాయి.

పేపర్‌ 4 మొదటి భాగమైన 'తెలంగాణ ఆలోచన (1948–1970)' తీసుకుందాం. ఇందులో ఐదు అంశాలు. విడివిడి మార్కులు ఇవ్వరు కాబట్టి ఒక్కోదానికి 10 అనుకోవాలి. కష్టం ఎంతో మనసుకు తోచినట్టు వేయకూడదు. ప్రతి అంశం మీద పాత బిట్లు పది చేసి, మూడులోపు తప్పులుంటే 1, నాలుగు నుంచి ఆరు అయితే 2, అంతకు మించితే 3 వేయాలి. ఐదు అంశాలకు 1, 2, 2, 3, 2 వచ్చాయనుకోండి, మొత్తం 10. ఈ భాగానికి 20 గంటలు కేటాయిస్తే వరుసగా 2, 4, 4, 6, 4 గంటలు పడతాయి. మార్కులు వేరువేరుగా ఉన్నచోట మార్కులను కష్టంతో గుణించి ఇలాగే పంచాలి. కష్టాన్ని 3 దాటనివ్వకండి. 5 దాకా పెడితే, రెండు మార్కుల మొండి అంశం ఒకటి వారమంతా తినేస్తుంది.

ఇక తేదీలు. చదివిన మర్నాడు ఒకసారి, ఆ రివిజన్‌ తర్వాత 3 రోజులకు, ఆపైన 7, 14, 28 రోజుల ఎడంతో మిగతావి. షీట్‌లో E కాలమ్‌ చివరిసారి చేసిన తేదీ, F కాలమ్‌ రాబోయే రివిజన్‌ ఎన్నోది అన్న అంకె. తర్వాతి తేదీకి ఈ ఫార్ములా సరిపోతుంది:

```
=IF(F2>5,"",E2+CHOOSE(F2,1,3,7,14,28))
```

E లో ప్లాన్‌ వేసుకున్న తేదీ కాదు, నిజంగా కూర్చున్న తేదీ వేయాలి. చాలామంది టైంటేబుళ్లు చెడేది ఇక్కడే. మూడు నెలల తేదీలు ముందే ప్రింటు తీసి గోడకు అంటిస్తారు. నాలుగు రోజులు జ్వరమొస్తే ఆ కాగితం మొత్తం అబద్ధమైపోతుంది.

రివిజన్‌ అంటే నోట్సు మళ్లీ చదవడం కాదు. పది నిమిషాలు తెల్లకాగితం మీద గుర్తున్నది రాసి, పది నిమిషాలు నోట్సుతో సరిచూసి, ఐదు నిమిషాలు తప్పులు గుర్తు పెట్టుకోవాలి. ముఖ్యాంశాల్లో ఐదింట నాలుగు వంతులు వస్తే F ఒకటి పెంచండి. సగానికి తగ్గితే F మళ్లీ 1. మధ్యలో ఉంటే ఆ అంకె అలాగే ఉంచండి.

ఈ పద్ధతిలో నాకు నచ్చని విషయం పోగుపడే బరువు. రోజుకో కొత్త అంశం మొదలుపెడితే, రెండు నెలలు గడిచేసరికి ఏ రోజు చూసినా ఐదు రివిజన్లు కాచుకుని ఉంటాయి. ఐదు ఇరవై ఐదులు 125 నిమిషాలు, కొత్త చదువు దానికి అదనం. మొదటి వారంలో ఏమీ తెలియదు, అంతా హాయిగానే ఉంటుంది. అందుకే కొత్త అంశం రోజు విడిచి రోజు పెట్టుకోవాలి, ఆదివారం మిగిలినవాటికి ఖాళీగా వదలాలి. అప్పుడు సగటు రోజుకు రెండున్నరకు దిగుతుంది. అయినా పేరుకుపోతే F 1, 2 లో ఉన్నవి ముందు చేయండి. 28 రోజుల ఎడంలో ఉన్నది రెండు రోజులు ఆగినా పెద్ద నష్టం లేదు. మర్నాడు చేయాల్సింది ఆగితే మాత్రం మళ్లీ మొదటి నుంచి చదివినట్టే అవుతుంది.

షీట్‌ తనంతట తాను పట్టుకోలేనిది ఒకటుంది. 1969 అష్టసూత్ర పథకం, 1972 పంచసూత్ర పథకం పేపర్‌ 4 మొదటి భాగంలో ఉంటే, 1973 ఆరు సూత్రాల పథకం రెండో భాగంలో ఉంది. వేర్వేరు తేదీల్లో రివిజన్‌ చేస్తే మూడూ విడివిడిగా బాగానే వస్తాయి, పరీక్షలో మాత్రం ఒకదాని అంశాలు ఇంకోదానికి అంటుకుంటాయి. తెల్లకాగితం మీద ఏ సూత్రం ఏ పథకానిదో తారుమారైందంటే అదే గుర్తు. ఇలాంటివాటికి రెండో రివిజన్‌ నుంచి చేత్తో ఒకే తేదీ వేసి, మూడు నిలువు గళ్లు గీసి పక్కపక్కన రాయాలి. ఆరు సూత్రాల పథకంతో ముడిపడిన 371-డి అధికరణం పేపర్‌ 2 రాజ్యాంగానికీ పనికొస్తుంది కాబట్టి ఆ అంశానికి ఒక కష్టం అంకె ఎక్కువ వేసినా దండగ కాదు.

పేపర్‌ 1 లో ఈ లెక్క బలహీనం. భాగాలవారీ మార్కులు కూడా లేవు, పాత పేపర్లలో ఏ అంశం నుంచి ఎన్ని బిట్లు వచ్చాయో లెక్కపెట్టుకోవాల్సిందే. వర్తమాన అంశాలను ఈ షీట్‌లో పెట్టకపోవడమే మంచిది. రోజూ కొత్తవి చేరుతుంటాయి, క్యూ ఎప్పటికీ తెగదు. వాటికి వారానికో గంట విడిగా ఇవ్వండి.

అన్ని ఎడాలూ కలిపితే 53 రోజులు. కాబట్టి కష్టం 3 ఉన్నవి పరీక్షకు కనీసం రెండు నెలల ముందే మొదలవ్వాలి. ఆ తర్వాత మొదలుపెట్టేవి తేలికవే అయి ఉండాలి, వాటికి 1, 3, 7 రోజుల రివిజన్లు మూడూ చాలు.