ఢిల్లీలో టెర్మినల్ మారాల్సిన టికెట్ కొంటున్నారా? ముందు ఇది చదవండి

హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో ఢిల్లీకి ఒక టికెట్, అక్కడి నుంచి అమెరికాకో యూరప్‌కో ఇంకో టికెట్. రెండూ కలిపి చవగ్గా చూపించే బుకింగ్ సైట్లతో జాగ్రత్త. తెర మీద రెండు విమానాలకూ DEL అనే ఉంటుంది. కింద చిన్న అక్షరాల్లో ఒకదానికి Terminal 1, రెండోదానికి Terminal 3 అని ఉందేమో చూడండి. పక్కనే Self transfer అని కూడా ఉంటే, టెర్మినల్ మారే భారమంతా మీదే. మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే ఏ విమాన సంస్థా బాధ్యత తీసుకోదు. రెండో టికెట్‌లో మిమ్మల్ని రాని ప్రయాణికుడిగా రాసేస్తారు.

టీ2, టీ3 పక్కపక్కనే ఉంటాయి, నడిచి వెళ్లొచ్చు. టీ1 అలా కాదు. మధ్యలో రన్‌వేలు ఉండటంతో బస్సైనా టాక్సీయైనా బయటి రోడ్డెక్కి చుట్టూ తిరిగి రావాలి. అంటే ఆ ఊరి ట్రాఫిక్ కూడా మీ ప్రయాణంలో భాగమే. మెట్రో ఉంది కదా అనుకోకండి. టీ1 స్టేషన్ మెజెంటా లైన్ మీద, టీ3 స్టేషన్ ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌ప్రెస్ లైన్ మీద ఉన్నాయి. ఒకదాని నుంచి ఇంకోదానికి నేరుగా రైలు లేదు, పెట్టెలు లాక్కుంటూ నగరంలోకి వెళ్లి లైన్లు మారాలి.

ఇప్పుడు ఒక లెక్క వేద్దాం. హైదరాబాద్ విమానం ఉదయం 8:30కి టీ1లో దిగుతుంది, అమెరికా విమానం టీ3 నుంచి 12:30కి. నాలుగు గంటలుంది, చాలదా అనిపిస్తుంది. విమానం దిగి బెల్ట్ దగ్గరికి వచ్చేసరికి 9 అవుతుంది. పెట్టెలు చేతికొచ్చేసరికి 9:20. షటిల్ బస్సు కోసం ఇరవై నిమిషాలు నిలబడితే 9:40. రోడ్డు మీద అరగంట, అంటే 10:10. టీ3 గుమ్మం దగ్గర సీఐఎస్ఎఫ్ వాళ్లు టికెట్, పాస్‌పోర్టు చూసి లోపలికి పంపేసరికి 10:25. చెక్-ఇన్ వరుసలో ముప్పావు గంట, 11:10.

అంతర్జాతీయ చెక్-ఇన్ కౌంటర్లు విమానానికి గంట ముందో, గంటంబావు ముందో మూసేస్తారు. గంటంబావు అయితే 11:15కే మూత. నాలుగు గంటల్లో మీకు మిగిలింది ఐదు నిమిషాలు! అయినా అక్కడితో అయిపోలేదు. ఇమిగ్రేషన్, ఆ తర్వాత మళ్లీ సెక్యూరిటీ, కలిపి గంట పడితే 12:10. టీ3 చాలా పొడుగు భవనం, చివరి గేటుకి పావుగంట నడక. గేటు ఆపాటికే మూసేసి ఉంటుంది. పైగా మొదటి విమానం సరిగ్గా టైముకి వచ్చిందనుకుని వేసిన లెక్క ఇది. డిసెంబరు, జనవరి నెలల్లో ఢిల్లీ పొద్దుటి పొగమంచులో ఆ ఆశ పెట్టుకోకూడదు.

ఆన్‌లైన్ చెక్-ఇన్ చేసుకున్నా లాభం తక్కువే. పెట్టెలు ఇవ్వాలి, వీసా చూపించాలి, రెండూ కౌంటర్ దగ్గరే. రెండో సెక్యూరిటీలో ఇంకో చిక్కుంది. దేశీయ విమానంలో చేతిలో ఉన్న నీళ్ల సీసాని పట్టించుకోరు, అంతర్జాతీయ తనిఖీలో 100 మి.లీ. దాటిన ద్రవాన్ని తీయించేస్తారు. షాంపూ, కొబ్బరినూనె, నెయ్యి కూడా అంతే. ఆవకాయతో సహా ఇవన్నీ ఇంటి దగ్గరే పెద్ద పెట్టెలో సర్దేయండి.

పిల్లల దగ్గరికి వెళ్తున్న అమ్మానాన్నలకి మాత్రం ఇలాంటి టికెట్ దయచేసి కొనకండి. వీల్‌చైర్ అడిగాం కదా అనుకుంటారు. మొదటి సంస్థ సహాయకుడు టీ1 బయటి దాకా తెచ్చి వదిలేస్తాడు, రెండో సంస్థ వీల్‌చైర్ టీ3 దగ్గర మొదలవుతుంది. మధ్యలో బస్సెక్కించేది, పెట్టెలు మోసేది ఎవరు?

కొనేటప్పుడు రెండు ప్రయాణాలూ ఒకే పీఎన్‌ఆర్ మీద, ఢిల్లీలో దిగేదీ ఎక్కేదీ టీ3లోనే ఉండేలా చూసుకోండి. రెండు మూడు వేలు ఎక్కువైనా అదే మేలు. హైదరాబాద్‌లోనే పెట్టెలకి చివరి ఊరి దాకా ట్యాగ్ వేస్తారా అని అడిగి, ట్యాగ్ మీద ఆ ఊరి కోడ్ ఉందో లేదో మీ కళ్లతో చూసుకోండి.

ఇప్పటికే విడివిడిగా కొనేసి ఉంటే అంతర్జాతీయ టికెట్ జోలికి పోకండి, దేశీయ టికెట్ మార్చుకోవడమే చవక. టీ1లో దిగేటట్లయితే కనీసం ఆరు గంటల ఎడం ఉంచండి, పొగమంచు నెలల్లో ముందు రోజు రాత్రికే చేరండి. ఢిల్లీలో ఏ విమానం ఏ టెర్మినల్‌కి అన్నది మారుతూ ఉంటుంది కాబట్టి, బయల్దేరే ముందు రోజు విమాన సంస్థ యాప్‌లో రెండు టెర్మినల్ నంబర్లూ మరోసారి చూడండి.