"500 ఏళ్ల తాళపత్రం" అంటే డబ్బు పంపే ముందు బెజ్జం చూడండి

విజయనగర కాలం నాటి వైద్య గ్రంథమని చెప్పి ఈమధ్య ఆన్‌లైన్‌లో ఒకరికి 38 వేలకు ఒక తాటాకు కట్ట అంటగట్టారు. తీరా చూస్తే కొత్త తాటాకు, టీ డికాషన్‌లో ముంచి ఆరబెట్టిన సరుకు. అమ్మకానికి పెట్టిన ఫొటోల్లోనే మోసం కనిపిస్తోంది. అలాంటి ఫొటోలే ఇంకా తిరుగుతున్నాయి కాబట్టి ఈ హెచ్చరిక.

ముందు బెజ్జం చూడాలి. తాటి కమ్మలను ఉడికించి, ఆరబెట్టి, ఒకే కొలతకు కోసి, తాడు కోసం ఒకటో రెండో బెజ్జాలు పొడిచాకే గంటం పట్టేవారు. అందుకే రాసేవాడు బెజ్జం చుట్టూ కాస్త చోటు వదిలి, పంక్తిని దాటించి రాస్తాడు. ఈ కట్టలో ప్రతి కమ్మ మీదా అక్షరాలు సగానికి తెగి బెజ్జంలో పడ్డాయి. అంటే ముందు రాసి, తర్వాత డ్రిల్లుతో కొట్టారు. పాత బెజ్జం అంత గుండ్రంగా కూడా ఉండదు. ఏళ్ల తరబడి తాడు రాసుకుని అంచు అరుగుతుంది, ఒక పక్కకి సాగుతుంది.

రెండోది అక్షరం. మన తాటాకు మీద గంటంతో గీస్తే గాడి పడుతుంది. మసి రుద్ది తుడిస్తే నలుపు ఆ గాడిలోనే నిలుస్తుంది. పక్క నుంచి టార్చి వేసి దగ్గరగా తీసిన ఫొటో అడగండి. మసి పోయిన చోట కూడా గాడి నీడ కనబడాలి. పెన్నుతో రాసింది అయితే సిరా పైపైనే ఉండి, ఆకు ఈనెల వెంట పాకుతుంది. ఒక్క మాట: మసి కొత్తగా ఉందని మాత్రం నకిలీ అనేయకండి. అక్షరం కనబడటానికి పాత కమ్మలకు మళ్లీ మసి పూయడం మామూలే, గ్రంథాలయాల్లోనూ చేస్తారు. ఉత్తరాదిలో శ్రీతాళం ఆకు మీద సిరాతో రాసే పద్ధతి కూడా ఉంది. ఆ ఆకు తాటాకు కంటే పల్చన, మెత్తన. తెలుగు తాటాకు మీద సిరా కనిపిస్తేనే అనుమానపడాలి.

ఈ కట్టలో పదాల మధ్య చక్కటి ఖాళీలు, మధ్యమధ్య కామాలు కూడా ఉన్నాయి! పాత లేఖకులు పదాలు విడదీయకుండా కలిపి రాసుకుంటూ పోయేవారు.

మూడోది కట్ట పక్క భాగం. అమ్మేవాళ్లు దాదాపు ఎప్పుడూ ఈ ఫొటో పెట్టరు, అడిగి తీయించుకోవాలి. కలిసి పుట్టిన కమ్మల అంచులు ఒకే వరుసలో ఉంటాయి. చిల్లర కమ్మలు పోగేసి కట్టినదైతే మెట్లు మెట్లుగా కనిపిస్తుంది, ఎడమ అంచున ఉండే కమ్మ అంకెలూ వరుస తప్పుతాయి. పురుగు ఒక కమ్మతో ఆగదు, కింది నాలుగైదింటిని అదే చోట తొలుస్తుంది. పై కమ్మకే బెజ్జాలుండి కింది కమ్మ నున్నగా ఉంటే అది సూదిపని కావచ్చు. రంగు కూడా అంతే: వాడిన కట్టకు అంచులు, పై కమ్మలు ముదురుగా, లోపలివి లేతగా ఉంటాయి. ఈ కట్ట మొత్తం ఒకే గోధుమరంగు.

కమ్మలను పక్కపక్కన దారంతో కుట్టి, మడిచేలా చేసి, దశావతారాలు చెక్కినవైతే అవి పూరి దగ్గర రఘురాజ్‌పుర్ లాంటి చోట్ల చేసే కొత్త హస్తకళ. కళగా కొనండి, పురాతనమని కాదు.

కాగితం దస్త్రాల్లో మోసం ఎక్కువగా అంకెల్లో జరుగుతుంది. కరణం లెక్కల మీద "1294" అని ఉంటే 700 ఏళ్ల నాటిదని చెబుతారు. అది ఫసలీ, అంటే శిస్తు లెక్కల సంవత్సరం. మద్రాసు రాజధాని లెక్కల్లో దానికి 590 కలపాలి, అంటే 1884 జులై నుంచి 1885 జూన్ వరకు. పక్కనే తారణ నామ సంవత్సరం అని ఉంటే సరిపోతుంది. తారణ ఒక్కటే ఉంటే లాభం లేదు, అది 60 ఏళ్లకోసారి వస్తుంది. 1780 నాటి చిట్టా అని చెప్పి మడత మధ్యలో తుప్పు పట్టిన స్టేప్లర్ పిన్నులు కనిపిస్తే కథ అక్కడితో సరి. పాత పుస్తకానికి నూలు దారం కుట్టు ఉంటుంది.

ఫొటోతో నకిలీని పట్టుకోవచ్చు గానీ కచ్చితమైన వయసు తేల్చలేం. మన తేమకి, పురుగుకి తట్టుకుని మిగిలిన కట్టల్లో ఎక్కువ భాగం 18, 19 శతాబ్దాలవే.

విదేశాల్లో ఉన్నవాళ్లకి ఇంకో సంగతి. 1972 పురావస్తు చట్టం ప్రకారం, చారిత్రక, సాహిత్య విలువ ఉండి 75 ఏళ్లు దాటిన రాతప్రతిని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. "హ్యాండీక్రాఫ్ట్ అని రాసి కొరియర్ చేస్తాం" అన్నాడంటే, ఆ కట్ట కొత్తదైనా అయి ఉండాలి, లేదా కస్టమ్స్ కేసు మీ అడ్రసు మీద రావాలి.