వక్తనూ దుభాషినీ కలిపి పరిచయం చేస్తే: చాన్నాళ్లు వాడాక నా సమీక్ష

సభలు నడపడం నా పని. వక్త భాష శ్రోతలకు రానప్పుడు, ఆయన కాసేపు మాట్లాడి ఆగడం, ఆ తర్వాత దుభాషి అందుకోవడం మామూలే. చాలాచోట్ల వక్తను ఘనంగా పరిచయం చేసి, దుభాషి పేరు కూడా చెప్పకుండా వదిలేస్తారు. నేను కొన్నేళ్లుగా ఇద్దరినీ ఒకేసారి వేదిక మీదికి పిలిచి, సభ ఎలా నడుస్తుందో పరిచయంలోనే చెప్పేస్తున్నాను.

ఇందులో నాకు బాగా నచ్చింది, పరిచయాన్ని కూడా దుభాషి చేతే చెప్పించడం. నేను రెండు వాక్యాలు చెప్పి ఆగుతాను, ఆవిడ అవే వాక్యాలు వక్త భాషలో చెబుతారు. దాంతో ఆవిడ గొంతు హాలుకు అలవాటవుతుంది, మైకు సరిగ్గా ఉందో లేదో తెలుస్తుంది, తన గురించి ఏం చెప్పామో వక్తకూ అర్థమవుతుంది. పరిచయం రాసుకున్న కాగితం మాత్రం ముందురోజే ఆవిడకు ఇవ్వాలి. డిగ్రీలు, సంస్థల పేర్లు అప్పటికప్పుడు వింటే ఎంతటివారైనా తడబడతారు.

నేను చెప్పేది దాదాపు ఇంతే: "వక్త రెండు మూడు నిమిషాలు మాట్లాడి ఆగుతారు. అప్పుడు ఈవిడ ఆ మాటలు మన భాషలో చెబుతారు. ఈవిడ 'నేను' అన్నారంటే అది వక్త మాటే. పెన్ను పైకెత్తితే, ఇక ఆగమని వక్తకు సైగ. ప్రశ్నలు చివర్లో, ఒక్కొక్కటిగా, మైకులో అడగండి."

'నేను' గురించిన ఆ ఒక్క వాక్యం ఎంత అవసరమో ఒక ఆరోగ్య సభలో చూశాను. అక్కడ పరిచయం చేసింది వేరేవాళ్లు, ఈ మాట చెప్పలేదు. వక్త తన భార్య ఆపరేషన్ గురించి చెబుతుంటే, దుభాషి "నా భార్యకు ఆపరేషన్ అయినప్పుడు" అన్నారు. ఆడమనిషి నోట ఆ మాట వచ్చేసరికి వెనక వరుసల్లో నవ్వులు. పాపం, ఆయన ముఖం చిన్నబోయింది. ఇందుకే దుభాషిని తన పరిచయం తనే చేసుకోమని నేను అడగను. ఒకసారి తన గురించి 'నేను' అన్నాక, మళ్లీ వక్త తరఫున 'నేను' అంటే వినేవాళ్లు తికమకపడతారు.

పెన్ను సైగ ముగ్గురం ముందే అనుకుని, అందరి ముందూ చెప్పేస్తాం కాబట్టి, మధ్యలో ఆపితే వక్త చిన్నబుచ్చుకోరు. అయినా ఊపు మీదున్న వక్త ఒక్కోసారి చూడనే చూడడు. దుభాషి నోట్‌బుక్‌లో పేజీలు గబగబా తిరుగుతూ, ఆరేడు నిమిషాల ప్రసంగం ఒక్క నిమిషంలో తేలిపోతోందంటే విషయం జారిపోతున్నట్టే. అప్పుడు నేనే లేచి వేదిక పక్కన నిలబడతాను.

ఈ పద్ధతితో తీరని చిక్కులూ ఉన్నాయి. గంట సభలో అసలు ప్రసంగానికి దక్కేది సుమారు అరగంటే. ఆ సంగతి వక్తకు ఆహ్వానంతోనే చెప్పాలి, వేదిక మీద చెబితే టెన్షన్ తప్ప లాభం లేదు. ఇక హాల్లో సగం మందికి వక్త భాష వస్తే, జోకుకి వాళ్లు ముందే నవ్వేస్తారు. ఆ నవ్వు విని వక్త దుభాషి కోసం ఆగకుండా ముందుకెళ్లిపోతాడు. దీనికి నా పరిచయంలో మందు లేదు.