చేతులు పగిలింది శానిటైజర్‌తోనా, సబ్బుతోనా?

హాలియాలో మా మెడికల్ షాపుకు వచ్చేవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటే. "అన్నా, డెబ్బై శాతంది మంచిదా, ఎనభై శాతంది మంచిదా?" రెండూ మంచివే. ఆల్కహాల్ 60 శాతం కంటే తక్కువుంటే మాత్రం నేను ఇవ్వను. అలాగని 95 శాతముంటే ఇంకా బాగా పనిచేస్తుందనుకోవద్దు. క్రిమిలోని ప్రొటీన్ చెడిపోవాలంటే ఆల్కహాల్‌తో పాటు కొంత నీరు కూడా ఉండాలి. నీరు మరీ తక్కువైతే ఆ పని సరిగ్గా జరగదు, ఆల్కహాల్ కూడా తొందరగా ఆరిపోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములాలో ఇథనాల్ 80 శాతం, ఐసోప్రొపైల్ అయితే 75 శాతం. శాతం గురించి ఇంతకంటే ఆలోచించాల్సిన పని లేదు.

నా దృష్టిలో అసలు తేడా అదే ఫార్ములాలో ఉన్న 1.45 శాతం గ్లిజరిన్ దగ్గర వస్తుంది. ఆల్కహాల్ చర్మం పైపొరలోని నూనెను కొంత లాగేస్తుంది. గ్లిజరిన్ తేమను పట్టి ఉంచుతుంది. ధర తగ్గించడానికి అది వేయని సరుకు కూడా అమ్ముడుపోతుంది. ఆరిన తర్వాత చేయి బిర్రుగా లాగినట్టుంటే గ్లిజరిన్ సరిపోలేదని అనుకోవచ్చు.

అయితే చేతులు పగిలిన ప్రతిసారీ శానిటైజర్‌నే తిట్టడం సరికాదు. మా వదిన సబ్ సెంటర్‌లో ఏఎన్‌ఎం. పోయిన చలికాలంలో ఆమె వేళ్ల కణుపుల మీద ఎర్రటి పగుళ్లొచ్చాయి. "ఆ శానిటైజర్ రాస్తే చుర్రుమంటుంది తమ్మీ, నేను మానేసి సబ్బే వాడుతున్న" అంది. రోజంతా ఏం చేస్తున్నావో చెప్పమన్నాను. టీకాల రోజు ముప్పై మంది పిల్లలొస్తే, మొదట్లో ఒక్కొక్కరికీ సబ్బుతో కడుక్కుని, చేతులు తడిగా ఉండగానే పైన శానిటైజర్ రాసేదట. రెండూ చేస్తే డబుల్ సేఫ్ అని నమ్మకం.

అక్కడే దెబ్బతింది. సబ్బు చర్మంలోని నూనెను కడిగి నీళ్లతో పాటు బయటికే పంపేస్తుంది. అదే గ్లిజరిన్ ఉన్న శానిటైజర్‌తో పోలిస్తే, మాటిమాటికీ సబ్బు రుద్దడమే చర్మాన్ని ఎక్కువ పాడుచేస్తుంది. పైగా వాళ్ల బోరు నీళ్లలో నురుగే రాదు. మన నల్గొండ నీళ్లంటే అందరికీ ఫ్లోరైడే గుర్తొస్తుంది కానీ, చేతుల పగుళ్లకు దాంతో పనిలేదు, ఇక్కడ చూడాల్సింది నీటి కఠినత్వం. కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి మడ్డిలా చర్మానికి అంటుకుంటాయి. నురుగు కోసం ఇంకా సబ్బు రుద్దుతాం. ఇక తడి చేతి మీద రాసిన శానిటైజర్ పలచబడి, దాని శాతమే పడిపోతుంది.

ఆ చుర్రుమనడం కూడా చర్మం అప్పటికే చిట్లిందని చెప్పే గుర్తు. మంట పెట్టింది శానిటైజర్ కాబట్టి నేరం దాని మీదికి పోయింది, చిట్లేలా చేసిన సబ్బు తప్పించుకుంది. మంట భరించలేక వదిన సబ్బు వాడకం పెంచింది, పగుళ్లూ పెరిగాయి.

మార్చమన్నవి రెండే. చేతికి కంటికి కనబడే మురికి లేకపోతే పొడి చేతి మీద శానిటైజర్ ఒక్కటే రాయాలి. రెండుసార్లు పంపు నొక్కి, వేళ్ల సందుల్లో, గోళ్ల చుట్టూ రుద్దాలి. ఇరవై సెకన్లకు ముందే ఆరిపోతే తీసుకున్నది తక్కువైనట్టే. రాత్రి పడుకునే ముందు వ్యాజలిన్. మొదటి వారం మంట ఉంది. మూడో వారానికి కణుపులు మామూలయ్యాయి.

ఇలా చెప్పానని బత్తాయి తోటలో మందు కొట్టి వచ్చి శానిటైజర్ రాసుకునేరు. పురుగుమందును అది తీసేయలేదు, మన్నూ జిడ్డూ ఉన్న చేతి మీద సరిగ్గా పనిచేయదు కూడా. అక్కడ సబ్బు, నీళ్లే కావాలి. మరుగుదొడ్డికి వెళ్లొచ్చినా, ఇంట్లో ఎవరికైనా విరేచనాలవుతున్నా అంతే. నోరోవైరస్ లాంటివి ఆల్కహాల్‌కు సరిగ్గా లొంగవు, కడిగితే నీళ్లతో కొట్టుకుపోతాయి. కడిగాక తువ్వాలుతో అద్ది ఆరనిచ్చి, చేతికి కాస్త కొబ్బరినూనె రాస్తే చాలు, మళ్లీ శానిటైజర్ అక్కర్లేదు.

ఆల్కహాల్ లేని రకాలూ వస్తున్నాయి. మంట తక్కువే కానీ అవి పనిచేసే క్రిములు తక్కువ, నేను పెద్దగా తెప్పించను. సెంటు వాసన గుప్పుమనేవి కూడా పగుళ్లున్నవాళ్లకు ఇవ్వను, కొందరికి ఆ సెంటే పడదు.

మా ఇంట్లో ఇప్పుడు మోరీ గట్టు మీద సబ్బు, నా బండి డిక్కీలో మాత్రం ఏమీ లేదు. ఎండలో డిక్కీ కాగిపోతుంది, ఆల్కహాల్ నిప్పు అంటుకునే సరుకు. మూత కాస్త వదులైనా ముందు ఆవిరయ్యేది ఆల్కహాలే. డెబ్బై శాతమని కొన్న సీసాలో ఎండాకాలం చివరికి ఎంత మిగిలిందో లేబుల్ చూస్తే తెలియదు. అందుకే చిన్న సీసా జేబులోనే పెట్టుకుంటున్నా.