పర్చేజ్ మేనేజర్‌కు మొదటి మెయిల్: ప్రొఫైలా, తక్కువ రేటా, ఒక్క పార్టా?

బాలానగర్‌లో ఒక చిన్న మెషిన్ షాపు అనుకుందాం. నాలుగు సీఎన్‌సీ లేతులు, ఒక గ్రైండింగ్ మెషిన్. ముఖపరిచయం లేని పంపుసెట్ల కంపెనీ పర్చేజ్ మేనేజర్‌కు ఆ ఓనరు మెయిల్ రాయాలి. మనవాళ్లు రాసే తీరులు మూడు.

ఎక్కువమంది పంపేది ప్రొఫైల్ మెయిల్. ఎప్పుడు పెట్టాం, ఏ మెషిన్లున్నాయి, ఎవరెవరికి సప్లై చేస్తున్నాం, కింద ఒక బరువైన పీడీఎఫ్. ఇందులో ఆయన జవాబివ్వాల్సిన ప్రశ్నే ఉండదు. మహా అయితే ఏదో ఫోల్డర్లో పడేస్తాడు.

రెండోది రేటు మెయిల్: "ఇప్పటి రేటు కన్నా 10 శాతం తక్కువకు ఇస్తాం." డ్రాయింగ్ చూడకుండా ఇంత ధీమా ఏమిటని ఆయనకు మొదటే అనుమానం వస్తుంది. పైగా వెండర్‌ను మార్చడమంటే శాంపిల్, ఇన్‌స్పెక్షన్, పంపులో బిగించి ట్రయల్, ఆపైన చిన్న లాట్. ఇన్నిటికీ క్వాలిటీ వాళ్లను ఒప్పించాల్సింది ఆయనే, రేపు షాఫ్ట్ విరిగితే మాట పడేదీ ఆయనే. ఒకవేళ జవాబు వచ్చినా, మీ కొటేషన్ చూపించి పాత వెండర్ దగ్గర రేటు తగ్గించుకోవడానికే కావచ్చు.

నా ఓటు మూడోదానికి, అంటే ఒకే పార్టు గురించి రాసే మెయిల్‌కు. రేటు కన్నా లైన్ ఆగిపోతుందేమోనన్నదే ఆయనకు పెద్ద టెన్షన్. వేసవి సీజన్‌లో షాఫ్టులన్నీ ఒక్క వెండర్ నుంచే వస్తుంటే మరీను. ఆ కంపెనీ స్పేర్ పార్టుల కేటలాగ్ చూసి, మీ మెషిన్లకు సరిపోయే పార్టు ఒకటి ఎంచుకోండి. ఇంగ్లిష్‌లో పంపినా సారం ఇలా ఉండాలి:

సబ్జెక్ట్: 3 హెచ్‌పీ మోనోబ్లాక్ షాఫ్ట్, రెండో సోర్స్, బాలానగర్

"నమస్తే సర్. ఎస్ఎస్ 410 షాఫ్టులు టర్నింగ్, గ్రైండింగ్ చేసి ఇస్తాం. బేరింగ్ సీటు కె6 టాలరెన్స్‌లో ఉంటుంది. నెలకు 2,000 వరకు చేయగలం. డ్రాయింగ్ అందిన 10 రోజుల్లో 5 శాంపిళ్లు, ఇన్‌స్పెక్షన్ రిపోర్టుతో ఉచితంగా పంపుతాం. ఈ పార్టుకు రెండో వెండర్ అవసరం ఉందా? వేరేవారు చూస్తుంటే ఎవరికి రాయాలో చెప్పగలరా?"

చివరి ప్రశ్నే కీలకం. ఫలానా వారికి రాయండి అని ఫోన్లోంచే ఒక్క లైను కొట్టేయొచ్చు. ఆ లైను వచ్చిందంటే సగం పని అయినట్టే, ఎందుకంటే తర్వాతి మెయిల్ "సార్ మీకు రాయమన్నారు" అని మొదలవుతుంది. ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం 45 రోజుల్లో పేమెంట్ అన్న మాట మాత్రం ఇక్కడ ఎత్తకండి. అది మీ హక్కే, కానీ దాని చోటు వెండర్ రిజిస్ట్రేషన్ దగ్గర.

జవాబు రాకపోతే వారం ఆగి, అదే మెయిల్ కింద కొత్త విషయం ఒకటి చేర్చి రాయండి, అలాంటి షాఫ్టుకే తీసిన ఇన్‌స్పెక్షన్ రిపోర్టు లాంటిది. బిల్లుల హడావుడి ఉండే నెలాఖరు వద్దు.

రేటు మెయిల్ అసలు పనికిరాదని కాదు. అట్టపెట్టెలు, మామూలు బోల్టులు, చేతి గ్లవుజులు లాంటివాటికి ఇంత అప్రూవల్ తతంగం ఉండదు. అక్కడ రేటు, డెలివరీ రోజులు సూటిగా రాస్తేనే మేలు.